సార్ మాట నుంచి నోట్సు దాకా

"సరే ఇప్పుడు ఏంటంటే గోలక్‌నాథ్ కేసు అన్నమాట ఇది అరవై ఆరు కాదు కాదు అరవై ఏడు ఓకేనా పదకొండు మంది జడ్జీలు అంతకుముందు శంకరీ ప్రసాద్‌లో ఏమన్నారు సవరించొచ్చు అన్నారు కదా ఇక్కడికొచ్చేసరికి తిరగబడింది పార్లమెంటు ప్రాథమిక హక్కుల్ని సవరించలేదు అంటే తగ్గించే విధంగా అన్నమాట మరి అప్పటిదాకా చేసిన సవరణలు ఏమవుతాయి సార్ అని మీరు అడగాలి పోవు అవి ఉంటాయి ఇకమీదట మాత్రం కుదరదు అన్నారు ఈ చీఫ్ జస్టిస్ ఎవరో తెలుసా మన సుబ్బారావుగారే రాజమండ్రి ఆయన తర్వాత రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు అప్పట్లో ఎన్నికలంటే ఎలా ఉండేవో మా నాన్నగారు చెప్పేవారు సరే ఎక్కడున్నాం"

గ్రూప్-2కు తయారయ్యేవాళ్ల ఫోన్లలో ఇలాంటి రాత పేజీలకు పేజీలు ఉంటుంది. క్లాసు రికార్డు చేసుకుంటారు, మాటను అక్షరాల్లోకి మార్చే యాప్‌లో వేస్తారు, కామా గాని ఫుల్‌స్టాప్ గాని లేని రాత వచ్చిపడుతుంది. పై ముక్కను పాలిటీ క్లాసుల్లో మాట ఎలా నడుస్తుందో చూపించడానికి నేనే అల్లాను. అందులోని కేసు మాత్రం నిజమైనదే. దీన్ని పరీక్ష ముందు రోజు రెండు నిమిషాల్లో చూసుకునే నోట్సుగా మార్చాలి.

చాలామంది కొట్టివేతతో మొదలుపెడతారు. "అన్నమాట", "ఏంటంటే", "ఓకేనా", "కదా", "అంటే" అన్నిటినీ వెతికి ఒక్క దెబ్బతో తీసేస్తారు. పేజీ సన్నబడుతుంది, పని అయిపోయినట్టే కనిపిస్తుంది. నష్టం జరిగేది అక్కడే. మనం ఊతపదాలని అనుకునేవాటిలో కొన్ని ప్రతిచోటా ఊతపదాలు కావు. ఒకచోట ఊరికే దొర్లిన మాటే ఇంకోచోట పాఠం మొత్తాన్నీ మోస్తుంది.

"అన్నమాట", "ఓకేనా" తీసేస్తే ఏ నష్టమూ లేదు. "అరవై ఆరు కాదు కాదు అరవై ఏడు" దగ్గర ఆగాలి. "కాదు కాదు" అనేది రెండుసార్లు వచ్చింది కదా అని దాన్ని మాత్రమే తీసేస్తే "అరవై ఆరు అరవై ఏడు" మిగులుతుంది. వారం తర్వాత చదివేవాడు దాన్ని 1966-67 అని చదువుకుంటాడు. సార్ తనను తాను దిద్దుకున్నప్పుడు దిద్దిన మాటతో పాటు తప్పు మాట కూడా పోవాలి. మిగలాల్సింది 1967 ఒక్కటే.

ఇక "అంటే". తెలుగు క్లాసులో నిమిషానికి నాలుగైదుసార్లు వినిపించే మాట ఇదే. ఎక్కువసార్లు అది సార్ ఆలోచించుకోవడానికి తీసుకునే వ్యవధి. పై ముక్కలో మాత్రం "సవరించలేదు అంటే తగ్గించే విధంగా" అని ఉంది. ఇక్కడ "అంటే" తర్వాత వచ్చింది తీర్పుకున్న హద్దు. ప్రాథమిక హక్కులను తీసేసేలా, లేదా కుదించేలా సవరణ చేసే అధికారం పార్లమెంటుకు లేదన్నది ఆ తీర్పు. హక్కులను పెంచే సవరణ జోలికి అది పోలేదు. "అంటే"తో పాటు దాని వెనక మాటను కూడా పక్కన పెట్టేస్తే తీర్పు అసలుకంటే పెద్దదైపోతుంది. కాబట్టి "అంటే" కనిపించిన ప్రతిచోటా దాని తర్వాతి మాట ముందు మాటను వివరిస్తోందా, హద్దు పెడుతోందా, ఊరికే తిరిగి చెబుతోందా అని చూడాలి. మొదటి రెండైతే ఉంచాలి.

అదే వాక్యంలో ఇంకో చిక్కు దాగి ఉంది. "పార్లమెంటు సవరించలేదు" అన్నది రాతలో రెండు రకాలుగా చదవొచ్చు. సవరణ జరగలేదని ఒకటి, సవరించే అధికారం లేదని మరొకటి. సార్ గొంతులోని ఒత్తు వల్ల క్లాసులో ఎవరికీ అనుమానం రాదు. అక్షరాల్లోకి వచ్చాక ఆ ఒత్తు ఉండదు. నిజానికి 1951లో మొదటి సవరణతోనే పార్లమెంటు హక్కుల భాగాన్ని ముట్టుకుంది, శంకరీ ప్రసాద్ కేసు దాని మీద వచ్చిందే. "జరగలేదు" అని చదివితే చరిత్రే తప్పిపోతుంది. ఇలాంటి చోట "సవరించే అధికారం లేదు" అని విప్పి రాయాలి. రెండు మాటలు పెరిగినా పరవాలేదు, నోట్సు పొట్టిగా ఉండటం కంటే ఒక్క అర్థమే ఇవ్వడం ముఖ్యం.

"ఇకమీదట మాత్రం" అన్న రెండు మాటలూ చూడటానికి చిన్నవే. గోలక్‌నాథ్ తీర్పులో న్యాయవాదులు ఇప్పటికీ చెప్పుకునే ఒక సూత్రమంతా వాటిలోనే ఉంది. పాత సవరణలను కొట్టేస్తే వాటి మీద ఆధారపడి దేశమంతా అమలైన భూసంస్కరణలు కూలిపోతాయి. అందుకే కోర్టు అప్పటిదాకా జరిగిన సవరణలను చెల్లనిచ్చి, ఆ రోజు నుంచి ముందుకు మాత్రమే తీర్పు వర్తిస్తుందని చెప్పింది. సార్ మామూలు మాటల్లో చెప్పేశారు, సూత్రం పేరు ఎత్తలేదు. నోట్సు రాసేవాళ్లు పుస్తకంలో ఆ పేరు చూసి పక్కన వేసుకోవచ్చు, కానీ అది సార్ చెప్పింది కాదని గుర్తుగా బ్రాకెట్లో పెట్టుకోవాలి. తర్వాత తేడా వస్తే ఎవరి మాట సరిచూడాలో తెలుస్తుంది.

"అన్నారు" సంగతి ఇంకా ప్రమాదకరం. ఇదే క్లాసులో ఇంకో పది నిమిషాల తర్వాత సార్ "రాజ్యాంగ సవరణ అనేది మామూలు చట్టం కాదు, కాబట్టి ఆర్టికల్ 13 దానికి వర్తించదు అన్నారు" అని ఉంటారు. ఎవరన్నారు? ప్రభుత్వం వైపు వాదించినవాళ్లు. కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. సవరణ కూడా చట్టమేనని, ఆర్టికల్ 13లో హక్కులను తగ్గించే చట్టం చేయకూడదని ఉంది కాబట్టి సవరణకూ ఆ నిషేధం ఉంటుందని చెప్పింది. వాక్యాన్ని బిగించే తొందరలో "అన్నారు" ఎగిరిపోతే, ఓడిపోయిన వాదన తీర్పై కూర్చుంటుంది. కోర్టు కేసుల క్లాసులో ప్రతి "అన్నారు" ముందూ ఎవరన్నారో రాసుకోవాల్సిందే.

ఇంత జాగ్రత్తగా చదవాలంటే మొదటిసారి ఒక్క మాట కూడా తీసేయకుండా చివరిదాకా చదవాలి. చదువుతూ విషయం మారిన చోట గీత గీసి, రికార్డింగు సమయం వేసుకుంటే చాలు. పై ముక్కలో గీత పడేది "ఈ చీఫ్ జస్టిస్ ఎవరో తెలుసా" దగ్గర. సార్ అక్కడ పక్కదారి పట్టారు.

పక్కదారులన్నీ ఒక రకం కావు. సుబ్బారావు గారి సంగతి నిజమే. కోకా సుబ్బారావు రాజమండ్రిలో పుట్టారు, గోలక్‌నాథ్ తీర్పు నాటికి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, 1967 ఏప్రిల్‌లో రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో జాకీర్ హుస్సేన్ మీద పోటీ చేసి ఓడిపోయారు. తీర్పు అర్థం కావడానికి ఇదేమీ అక్కర్లేదు. అయినా పరీక్షలో అడగగలిగిన విషయం, పైగా ఆ పేరుతో తీర్పు గుర్తుంటుంది. కాబట్టి దాన్ని పారేయను, తీర్పు మధ్యలోనూ ఇరికించను. పక్క అంచులో ఒక్క వరుసగా రాస్తాను. సార్ నాన్నగారు చెప్పిన ఎన్నికల కబుర్లు క్లాసుకు ప్రాణం పోసి ఉండొచ్చు, నోట్సులో వాటికి చోటు లేదు. మూడో రకం పక్కదారిని మాత్రం వదలకూడదు. గోలక్‌నాథ్ కుటుంబానికి పంజాబ్‌లో ఐదు వందల ఎకరాలకు పైగా భూమి ఉండేదని, భూపరిమితి చట్టం కింద అది పోయే పరిస్థితి వచ్చిందని సార్ కథలా చెబుతారు. వినడానికి పిట్టకథలా ఉన్నా, భూమికీ ప్రాథమిక హక్కుకూ ముడి ఎక్కడుందో తెలిసేది దానితోనే. అప్పట్లో ఆస్తి ప్రాథమిక హక్కు.

తర్వాత మిగిలింది వరుస మార్చడం. సార్ ముందు తీర్పు చెప్పారు, మధ్యలో చరిత్ర చెప్పారు, కారణం ఒక విద్యార్థి సందేహం అడిగాక ఎప్పుడో చెప్పారు. వినేటప్పుడు ఆ వరుస సాఫీగానే ఉంటుంది, చదివేటప్పుడు పనికిరాదు. కోర్టు కేసుకు నేను ఎప్పుడూ ఒకే వరుస పాటిస్తాను.

గోలక్‌నాథ్ కేసు, 1967 (రికార్డింగు 18:40 నుంచి)
ప్రశ్న: ప్రాథమిక హక్కులను తగ్గించేలా పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చా?
అంతకుముందు: శంకరీ ప్రసాద్ (1951) తీర్పు ప్రకారం సవరించవచ్చు.
తీర్పు: తీసేసే, కుదించే అధికారం లేదు. 11 మందిలో 6–5.
కారణం: సవరణ కూడా ఆర్టికల్ 13(2) చెప్పే చట్టమే. (ప్రభుత్వ వాదన: కాదు.)
హద్దు: పాత సవరణలు చెల్లుతాయి, తీర్పు ఇకమీదట మాత్రమే వర్తిస్తుంది.
తర్వాత: 24వ సవరణ (1971), కేశవానంద భారతి (1973).

సమయం వేసుకోవడం అలంకారం కోసం కాదు. ఏ వరుస మీద అనుమానం వచ్చినా గంట రికార్డింగు వెతక్కుండా నేరుగా అక్కడికి వెళ్లి సార్ గొంతు వినొచ్చు.

అంకెలను మాత్రం రాతను నమ్మి రాయకూడదు. సార్ "పదమూడు రెండు" అంటారు, యాప్ 132 అని వేయొచ్చు. 132 అనే ఆర్టికల్ కూడా రాజ్యాంగంలో ఉంది, హైకోర్టుల నుంచి సుప్రీంకోర్టుకు వచ్చే అప్పీళ్ల గురించి. అందుకే తప్పు తప్పులా కనిపించదు. "రిట్" అన్నది "రైట్" అయి కూర్చున్నా అంతే, హక్కుల పాఠంలో రెండూ అతికినట్టే ఉంటాయి. ప్రతి ఆర్టికల్ సంఖ్యనూ, సవరణ సంఖ్యనూ, సంవత్సరాన్నీ రాజ్యాంగం ప్రతిలోనో ప్రామాణిక పుస్తకంలోనో చూసి పక్కన టిక్కు పెట్టుకోవడం ఒక్కటే దారి.

ఇదంతా గంట క్లాసుకు రెండు మూడు గంటల పని. లెక్కల క్లాసుకో, బోర్డు మీద పటాలు గీసి చెప్పే క్లాసుకో ఈ పద్ధతి చాలదు. "ఇది ఇక్కడికి వస్తుంది, అది పోతుంది" అన్న మాటల్లో ఇదేమిటో అదేమిటో రాతలో ఎక్కడా ఉండదు, బోర్డు ఫోటో ఉండాల్సిందే.

చివరగా, క్లాసు ముగిసిన చోట నోట్సు ముగించే ముందు ఒకసారి ఆగాలి. టైమైపోతే సార్ వాక్యం మధ్యలోనే వెళ్లిపోవచ్చు. కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 1973 ఏప్రిల్ 24న 7–6తో ఇచ్చిన తీర్పులో రెండు సగాలున్నాయి. గోలక్‌నాథ్ తీర్పు చెల్లదు, పార్లమెంటు ప్రాథమిక హక్కులను కూడా సవరించవచ్చు అన్నది మొదటి సగం. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం మార్చకూడదన్నది రెండోది. మొదటి సగం ఈ రోజు క్లాసు చివర్లో, రెండోది రేపటి క్లాసు మొదట్లో వస్తే, ఈ రోజు నోట్సు ఒక్కటే చదివినవాడు పార్లమెంటు ఏదైనా చేయగలదని రాసి వస్తాడు. అందుకే మరుసటి రికార్డింగులో మొదటి ఐదు నిమిషాలు విన్న తర్వాతే ముందు రోజు నోట్సు కింద గీత గీయాలి.