“శాంపిల్ చిన్నది కదండీ?” అని కాకుండా ఇంకేం అడగొచ్చు?

“ప్రశ్నలేమైనా ఉన్నాయా?” అనగానే సెమినార్ హాల్లో వెనక వరస నుంచి ఎవరో ఒకరు లేచి “శాంపిల్ మరీ చిన్నది కదండీ?” అంటారు. పరిశోధన సమర్పించినావిడ తలూపి, “అవునండీ, అది మా పరిమితుల్లో ఒకటి. నిధులుంటే ఇంకా పెద్దది చేసేవాళ్లం” అంటారు. చర్చ అక్కడితో సరి. అడిగినాయనకు కొత్తగా తెలిసిందేమీ లేదు, చెప్పినావిడ ఆలోచించాల్సిన పనీ పడలేదు. ఔను, కాదు అని తేల్చేయగల ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది.

పని జరిగే ప్రశ్న వేరేగా ఉంటుంది. మనుషుల్ని ఎంచుకునేటప్పుడు తీసుకున్న ఒకానొక నిర్ణయాన్ని అది పేరు పెట్టి పట్టుకుంటుంది. ఆ నిర్ణయం వల్ల ఎవరు బయటే ఉండిపోయారో చెబుతుంది. వాళ్లూ లెక్కలోకి వచ్చి ఉంటే ఫలితం ఎటు జరిగేదో వక్త చేతనే చెప్పిస్తుంది. హైదరాబాద్ బస్తీల్లో జరిగిన ఒక ప్రసిద్ధ పరిశోధన మీద ఇలాంటి ప్రశ్నలు వేసి చూద్దాం.

సూక్ష్మరుణాలు పేద కుటుంబాల బతుకును నిజంగా మారుస్తాయా అన్నది అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచల్ గ్లెన్నర్‌స్టర్, సింథియా కినన్ తేల్చాలనుకున్న విషయం. స్పందన అనే రుణసంస్థతో కలిసి 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగానికి సగం విడగొట్టారు. 52 బస్తీల్లో సంస్థ ముందుగా అప్పులివ్వడం మొదలుపెట్టింది, మిగతా 52 పోల్చి చూడటానికి మిగిలాయి. అప్పు ఆడవాళ్లకే, అదీ గ్రూపుగా ఏర్పడితేనే. మొదటి విడత సాధారణంగా 10 వేల రూపాయలు. 2007, 2008 సంవత్సరాల్లో 6,800 పైచిలుకు కుటుంబాలను ఇంటికెళ్లి అడిగారు. ఏదో ఒక సూక్ష్మరుణ సంస్థ దగ్గర అప్పు తీసుకున్న కుటుంబాలు పోలిక బస్తీల్లో దాదాపు 18 శాతం ఉంటే, స్పందన వెళ్లిన బస్తీల్లో దాదాపు 27 శాతం. మన్నికగా ఉండే వస్తువుల కొనుగోలు పెరిగింది. మొత్తం నెలవారీ ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు కూడా అంతంత మాత్రమే. ఈ వ్యాసం 2015లో అచ్చయింది.

ఇప్పుడు ఒక విద్యార్థిని దీన్ని క్లాసులో సమర్పించి, చివరి స్లైడులో “సూక్ష్మరుణాలతో పేదల బతుకులు పెద్దగా మారవు” అని రాసిందనుకుందాం. ఇక్కడ “శాంపిల్ చిన్నది” అనడానికి వీల్లేదు, 6,800 కుటుంబాలు చిన్న సంఖ్య కాదు. అసలు అడగాల్సింది, ఆ వాక్యంలోని “పేదలు” అనే మాట ఎవరికి వర్తిస్తుందని.

ఎంపిక మెట్లు మెట్లుగా జరిగింది. మొదటి మెట్టు బస్తీలు. తొలుత 120 అనుకున్నారు. అప్పటికి సూక్ష్మరుణ సంస్థలు అడుగుపెట్టని, పేదవాళ్లుండే, అయితే మరీ నిరుపేదలవి కాని బస్తీలవి. స్పందన తాను వెళ్లి పనిచేయడానికి ఇష్టపడే చోట్లే ఆ జాబితాకెక్కాయి. వాటిలో 16 బస్తీలను తర్వాత తీసేశారు. వలస కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉండటమే కారణం. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకో సైటు దగ్గర ఉండే కూలీకి సంస్థ అప్పివ్వదు. రెండో మెట్టు కుటుంబాలు. ఆ బస్తీలో కనీసం మూడేళ్లుగా ఉంటూ, 18 నుంచి 55 ఏళ్ల మధ్య ఆడమనిషి ఒక్కరైనా ఉన్న ఇళ్లనే సర్వేకు తీసుకున్నారు. అప్పు తీసుకునే అవకాశం ఎక్కువగా ఉన్నది వాళ్లకే గనక.

దీనిమీద చాలామంది అడిగే తీరు ఇదీ: “వలస కూలీల్ని ఎందుకు వదిలేశారు?” వినడానికి గట్టి ప్రశ్నలాగే ఉంది. కానీ “ఎందుకు వదిలేశారు” అనేసరికి అవతలి మనిషి సంజాయిషీ ఇచ్చుకునే స్థితిలో పడుతుంది. “సంస్థ వాళ్లకు అప్పివ్వదండీ” అని నిజమే చెప్పి కూర్చుంటుంది. ఇంకో తీరు మరీ మెత్తన: “శాంపిలింగ్ గురించి కొంచెం వివరిస్తారా?” దీనికి ఆమె ఎనిమిదో స్లైడు మళ్లీ తెరిచి చదువుతుంది. ప్రశ్న తెరిచి ఉంటే చాలదు, ఎటు చూడాలో కూడా చెప్పాలి.

అదే ప్రశ్నను ఇలా అడిగి చూడండి: “మూడేళ్లుగా ఒకేచోట ఉన్న ఇళ్లనే తీసుకున్నారు కదా. ఊరు విడిచి వచ్చి రెండేళ్లు కూడా కాని అద్దె కుటుంబాలు దీనివల్ల బయటే ఉన్నాయి. వాళ్లు కూడా ఉంటే, నెలవారీ ఖర్చు మీద మీరు చూపించిన ఫలితం ఏవైపు జరిగేదనుకుంటున్నారు? ఏ ఆధారంతో?” ఈ ప్రశ్నలో తప్పు పట్టడం లేదు. నియమం ఏమిటో, బయట ఉన్నది ఎవరో, ఏ ఫలితం గురించి అడుగుతున్నామో అన్నీ ఉన్నాయి. జవాబు చెప్పాలంటే ఆమె ఆలోచించక తప్పదు. కొత్తగా వచ్చినవాళ్లకు అప్పే దొరకదు కాబట్టి వాళ్లను కలిపితే సగటు తేడా ఇంకా తగ్గేదని చెప్పొచ్చు. లేదా చేతిలో ఏమీ లేనివాళ్లకు 10 వేలు దొరికితేనే ఎక్కువ మార్పు వచ్చేదేమో, అది ఈ అధ్యయనం చెప్పలేదని ఒప్పుకోవచ్చు. ఏది చెప్పినా చివరి స్లైడులోని “పేదలు” అనే మాట “నగరంలో స్థిరపడి, అప్పుకు అర్హత ఉన్న పేద కుటుంబాలు” అని మారక తప్పదు.

ఇక్కడ అడిగేవాళ్లు తరచూ తడబడే చోటు ఒకటుంది. ఎంపిక నియమం రెండు రకాలుగా దెబ్బ తీయగలదు. ఒకటి, ఫలితం వర్తించే జనాన్ని కుదించడం. రెండోది, పోలికనే చెడగొట్టడం. మూడేళ్ల నియమం రెండు వైపులా, అంటే అప్పులొచ్చిన బస్తీల్లోనూ రాని బస్తీల్లోనూ ఒకేలా పెట్టారు. కాబట్టి కొత్తవాళ్లను తీసుకోనంత మాత్రాన పోలిక చెడదు. నిజానికి అప్పుల కోసమే ఆ బస్తీకి మారినవాళ్లు లెక్కలోకి రాకుండా ఈ నియమం కాపాడుతుంది కూడా. ఇది గమనించకుండా “మీ ఫలితమే తప్పు” అన్నట్టు అడిగితే, వక్త ఆ ఒక్కమాట చెప్పి ప్రశ్నను తోసేస్తుంది.

పోలికను పరీక్షించే ప్రశ్న వెళ్లిపోయినవాళ్ల గురించి ఉండాలి. సర్వేకు ఇళ్లను ఎంచుకోవడానికి 2007 మొదట్లో ఇంటింటి గణన చేశారు. చాలా బస్తీల్లో అప్పటికే అప్పులివ్వడం మొదలైంది. ఈలోగా ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన కుటుంబం గణనలో కనిపించదు. వాయిదాలు కట్టలేక వెళ్లినవాళ్లు ఉంటే, వాళ్లు ఒకవైపు బస్తీల నుంచే ఎక్కువగా మాయమై ఉండొచ్చు. అలా జరిగిందని కాదు, జరిగి ఉంటే ఎలా తెలుస్తుందన్నదే ప్రశ్న: “లాటరీకీ గణనకూ మధ్య బస్తీ విడిచి వెళ్లినవాళ్లు రెండువైపులా ఒకే తీరుగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి మీ దగ్గర ఏ దారులున్నాయి?” మంచి జవాబులో రెండువైపులా కుటుంబాల సంఖ్య, తల్లుల వయసు, చదువు వంటి పోలికలు వస్తాయి. అవి సరిపోలితే అనుమానం చాలావరకు తీరుతుంది. పూర్తిగా మాత్రం తీరదు, కనిపించనివాళ్ల గురించి కనిపించేవాళ్లు కొంతే చెప్పగలరు.

ఇక మూడో మెట్టు, పైకి కనబడనిది. ఈ సర్వేలో స్పందన దగ్గర అప్పు తీసుకున్న ఇళ్లను వాళ్ల నిష్పత్తి కంటే ఎక్కువగా తీసుకున్నారు. వాళ్లలో ఫలితాలు ఒకరికీ ఒకరికీ ఎక్కువ తేడాగా ఉంటాయన్న అంచనాతో ఆ పని చేశారు. తర్వాత వెయిట్లు వేసి లెక్క సరిచేశారు. దీన్ని ఊహించిన చిన్న లెక్కతో చూద్దాం. ఒక బస్తీలో 200 ఇళ్లు, అప్పు తీసుకున్నవి 20. సర్వేకు ఆ 20 ఇళ్లూ తీసుకుని, మిగిలిన 180 ఇళ్లలో 45 తీసుకున్నారనుకోండి. మొత్తం 65 ఇళ్లు. నేరుగా లెక్కేస్తే 65లో 20, అంటే 31 శాతం ఇళ్లు అప్పు తీసుకున్నట్టు కనిపిస్తుంది. బస్తీలో అసలు సంగతి 10 శాతమే. మిగతా 45 ఇళ్లలో ఒక్కోటి నాలుగు ఇళ్లకు ప్రతినిధి అని లెక్క సరిచేస్తే 200లో 20 వచ్చి, నిజం బయటపడుతుంది.

ఇక్కడ “వెయిట్లు వేశారా?” అని అడిగితే “వేశాం” అంటారు, అయిపోతుంది. “వెయిట్లు వేయకముందూ వేశాకా ఏ ఫలితం అందరికంటే ఎక్కువ మారింది, ఆ మార్పును మీరెలా అర్థం చేసుకున్నారు?” అని అడిగితే మాత్రం ఆమె తన పట్టికలోకి తిరిగి వెళ్లాలి. వ్యాపారం లాభం అప్పున్న ఇళ్లలో బాగా ఎక్కువగా ఉంటే, వెయిట్లు వేయగానే అది తగ్గుతుంది. ఆ తగ్గుదలే చెబుతుంది, ఫలితం కొద్దిమంది చేతిలో ఉందా, బస్తీ అంతా పంచుకుందా అని.

ప్రశ్న ఎంత బాగా అడిగినా, జవాబు వినడంలో తేలిపోతే దండగే. అన్నిటికంటే ఎక్కువ వినిపించే జవాబు “ర్యాండమ్‌గానే తీసుకున్నామండీ”. దానికి “ఏ జాబితాలోంచి?” అనేది రెండో ప్రశ్న. జాబితాలో లేనివాళ్లకు లాటరీలో పేరు రావడమన్నదే ఉండదు. రెండో రకం జవాబు “మా దగ్గర ఆ డేటా లేదు”. అది తప్పించుకోవడం కావాలని లేదు. “అయితే మీ చివరి వాక్యంలో ఏ మాట మారుస్తారు?” అని అడగండి. మూడో రకం జవాబులో వక్త తనే బయటివాళ్ల గురించి చెప్పి, ఫలితం ఎటు జరిగేదో, ఎంత జరిగేదో ఊహించి, ఆ ఊహకు కారణం చెబుతుంది. అప్పుడు ఇంకో ప్రశ్న అక్కర్లేదు.

ఒక్కోసారి ప్రశ్నకు జవాబు అచ్చయిన వ్యాసంలోనే ఉంటుంది. బస్తీల జాబితా, మూడేళ్ల నియమం, వెయిట్లు, వీటన్నిటినీ ఈ నలుగురూ తమ వ్యాసంలో దాచకుండా రాసుకున్నారు. దాన్ని క్లాసులో చెప్పే విద్యార్థి ఒక్క వాక్యంలోకి కుదించినప్పుడే అవి జారిపోయాయి. సమర్పణ వినడానికి వెళ్లే ముందు వ్యాసంలో శాంపిల్ గురించి రాసిన రెండు పేరాలు చదివి, చివరి స్లైడులో వాడిన నామవాచకాన్ని పక్కన పెట్టి చూడండి. రెండింటికీ పొంతన లేనిచోటే మీ ప్రశ్న మొదలవ్వాలి.