ఎంత వేగంగా నడిపినా ఆ కారు వెనకే ఎందుకుంటుంది?

రేసింగ్ గేమ్ ఆడేవాళ్లందరికీ ఈ అనుభవం ఉంటుంది. మలుపులన్నీ చక్కగా తిప్పారు, ఎక్కడా గోడకు తగల్లేదు, నైట్రో కూడా సరైన చోటే వాడారు. అయినా అద్దంలో చూస్తే రెండో స్థానంలోని కారు అంతే దూరంలో కనిపిస్తుంది. చివరి ల్యాప్‌లో ఒక్కసారి చెయ్యి జారిందంటే చాలు, అది సర్రున దాటిపోతుంది. ఇది మీ భ్రమ కాదు. మీరు ఎంత ముందున్నారో చూసుకుంటూ ఆ కారు వేగాన్ని గేమే పెంచుతోంది, తగ్గిస్తోంది. ఈ పద్ధతిని రబ్బర్ బ్యాండింగ్ అంటారు. మీ కారుకూ ప్రత్యర్థి కారుకూ మధ్య కనిపించని రబ్బరు బ్యాండు కట్టినట్టు, దూరం పెరిగేకొద్దీ లాగుడూ పెరుగుతుంది.

1987లో నామ్‌కో కంపెనీ తెచ్చిన ఫైనల్ ల్యాప్ అనే ఆర్కేడ్ గేమ్‌ను దీనికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా చెబుతారు. అందులో వెనకబడిన ఆటగాడి కారుకు కాస్త వేగం కలిసేది. కొత్తగా ఆడేవాళ్లు మొదటి నిమిషంలోనే ఆశ వదులుకోకూడదన్నది ఉద్దేశం. తర్వాత ఇదే ఆలోచనను కంప్యూటర్ నడిపే కార్లకూ వాడారు. కారణం అర్థం చేసుకోదగ్గదే. ఒకే గేమ్‌ను పదేళ్ల పిల్లాడూ ఆడతాడు, ఏళ్ల తరబడి చెయ్యి తిరిగినవాడూ ఆడతాడు. ప్రత్యర్థుల వేగాన్ని ఒకే అంకె దగ్గర బిగిస్తే పిల్లాడు ఎప్పుడూ చివరన ఉంటాడు, రెండోవాడు మూడు నిమిషాలపాటు ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా నడుపుతాడు. రెండూ విసుగే.

లోపల జరిగేది ఒక చిన్న లెక్క. సులువుగా ఉండేందుకు అంకెలు నేనే వేస్తాను. ట్రాక్ 3 కిలోమీటర్లు, రేసు మూడు ల్యాప్‌లు. మీ సగటు వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ప్రత్యర్థి అసలు వేగం సెకనుకు 49 మీటర్లు. గేమ్ జోక్యం చేసుకోకపోతే రేసు ముగిసేసరికి అతను సుమారు 180 మీటర్లు వెనకబడాలి.

ఇప్పుడు బ్యాండు కడదాం. దూరం 40 మీటర్లు దాటేవరకు ఏమీ చెయ్యదు. అక్కడి నుంచి 200 మీటర్ల దాకా ప్రత్యర్థి వేగాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ పోతుంది, గరిష్ఠంగా 10 శాతం. ప్రత్యర్థి మీకంటే ముందుకు పోతే ఇదే లెక్కన అతన్ని నెమ్మదింపజేస్తుంది. ఫలితం ఏమిటంటే, దూరం 73 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడ ప్రత్యర్థికి దక్కే అదనపు వేగం రెండు శాతం. దాంతో అతని వేగం సరిగ్గా మీ వేగమంత అవుతుంది.

మీరు ఇంకా బాగా సాధన చేసి సెకనుకు 51 మీటర్లు అందుకున్నారనుకోండి. మామూలుగా అయితే దాదాపు 350 మీటర్ల తేడాతో గెలవాలి. బ్యాండు ఉంటే తేడా 105 మీటర్ల దగ్గర నిలిచిపోతుంది. అంటే రెండు సెకన్ల ఆధిక్యం, అంతే. మీరు పడిన కష్టంలో ఎక్కువ భాగాన్ని ఆ లెక్క మింగేసింది.

ఇదే రేసులో ఒక పొరపాటును కూడా చూద్దాం. మొదటి ల్యాప్‌లో, 40వ సెకను దగ్గర గోడకు గుద్దుకుని మూడు సెకన్లు పోగొట్టుకున్నారు. ప్రత్యర్థి 80 మీటర్లు ముందుకు పోతాడు. వెంటనే గేమ్ అతన్ని తగ్గిస్తుంది. మీరు అందుకుని, దాటి, చివరికి దాదాపు 100 మీటర్ల తేడాతోనే గెలుస్తారు. అంటే ఆ పొరపాటుకు శిక్షే లేదు. అదే మూడు సెకన్లు చివరి మలుపులో పోతే మీకున్న 105 మీటర్లూ కరిగిపోయి, 40 మీటర్లకు పైగా వెనకబడి ఓడిపోతారు. బ్యాండు లేని రేసులో ఈ రెండు సందర్భాల్లోనూ మీరు 200 మీటర్ల తేడాతో గెలిచి ఉండేవారు.

ఆటగాళ్లకు అసలు కోపం వచ్చేది ఇక్కడేనని నా నమ్మకం. కారు వేగం పెరగడం ఒక్కటే అయితే చాలామంది పట్టించుకోరు. మొదటి రెండు ల్యాప్‌లలో ఏం చేసినా లెక్కలోకి రాదని, ఫలితమంతా చివరి అర నిమిషంలోనే తేలుతుందని చేతులకు తెలిసిపోతుంది. కారణం మాటల్లో చెప్పలేని పిల్లలు కూడా రెండు మూడు రోజుల్లో ఈ సంగతి కనిపెట్టి, మొదట్లో తాపీగా నడిపి నైట్రోనంతా చివరికి దాచుకుంటారు.

కళ్లకు కనిపించే ఆనవాళ్లు వేరే ఉన్నాయి. 1996లో వచ్చిన మారియో కార్ట్ 64లో తెర మూలన ఉండే చిన్న మ్యాపే గుట్టు విప్పింది. ఎక్కడో వెనకబడిన కార్ట్ తాలూకు గుర్తు, మామూలుగా ఏ కార్ట్‌కూ సాధ్యం కాని వేగంతో మ్యాప్ మీద పరుగెత్తుకొచ్చేది. 2003 నాటి నీడ్ ఫర్ స్పీడ్: అండర్‌గ్రౌండ్‌లో మరో బాధ ఉండేది. గెలిచిన డబ్బుతో ఇంజిన్ మార్చి, టైర్లు మార్చి వచ్చినా, పాత ప్రత్యర్థులు మునుపటిలాగే వెనకే అంటిపెట్టుకుని ఉండేవారు. కారు మెరుగుపరచుకోవడమే ప్రధానమైన ఆటలో ఆ మెరుగుదలకు విలువ లేదనిపిస్తే ఆటగాడు మోసపోయినట్టే భావిస్తాడు. అది న్యాయమైన ఫిర్యాదు.

మెరుగైన దారి లేకపోలేదు. 2008లో వచ్చిన ప్యూర్ అనే మట్టిబాటల రేసింగ్ గేమ్‌కు పనిచేసిన ఎడ్వర్డో హిమెనెజ్, తమ పద్ధతిని మరుసటి ఏడాది ఒక వ్యాసంలో వివరించారు. అందులో వాహనం శక్తిని కాక, దాన్ని నడిపేవాడి నైపుణ్యాన్ని మార్చడం మీద దృష్టి పెట్టారు. అలాంటి పద్ధతిలో మీరు వెనకబడితే ప్రత్యర్థి మలుపుల్లో కాస్త జంకుతాడు, మీరు ముందుంటే తెగించి నడుపుతాడు. ఎంత తెగించినా ఆ బండికి సాధ్యమైన వేగాన్ని మించలేడు గనుక చూసేవాళ్లకు అసహజంగా అనిపించదు. దీనికీ పరిమితి ఉంది. నిజంగా ఆరితేరిన ఆటగాడిని ఈ ప్రత్యర్థి అందుకోలేడు. నా దృష్టిలో అది లోపం కాదు, ఆ ఆటగాడు ఒంటరిగా ముందు నడిచే హక్కు సంపాదించుకున్నాడు.

మీ ఇంట్లో ఉన్న గేమ్‌లో బ్యాండు ఉందో లేదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ప్రత్యర్థుల ల్యాప్ సమయాలు చూపించే గేమ్ అయితే, ఒకే ట్రాక్ మీద, అదే కారుతో, అదే కష్టస్థాయిలో రెండు రేసులు నడపండి. మొదటిది మీ శక్తికొద్దీ, రెండోది కావాలని నెమ్మదిగా. రెండు రేసుల్లోనూ ప్రత్యర్థుల ల్యాప్ సమయాలు రాసుకోండి. మీరు నెమ్మదించినప్పుడు వాళ్లందరి సమయాలూ పెరిగితే బ్యాండు ఉన్నట్టే. ఆ తర్వాత సెట్టింగుల్లో క్యాచప్ అనే మీట ఉందేమో చూడండి. కొన్ని గేమ్‌లలో ఉంటుంది. చిన్నపిల్లలతో కలిసి ఆడేటప్పుడు దాన్ని ఆన్‌లో ఉంచండి. మీ సాధన ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలంటే మాత్రం ఆఫ్ చేసే నడపండి.