గోడ దాటే డక్టులో పొగను ఆపేది

1980 నవంబరు 21న అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ హోటల్ కింది అంతస్తులో నిప్పు అంటుకుంది. 85 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మంట దరిదాపులకైనా రాని పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు. మెట్ల దారులు, లిఫ్టు గుంతలు, ఏసీ డక్టుల గుండా పొగ వాళ్ల దాకా వెళ్లింది. 2011 డిసెంబరులో కోల్‌కతా ఆమ్రి ఆస్పత్రిలో సెల్లార్‌లో మంట రాజుకుంటే, పై వార్డుల్లో రోగుల్ని బలి తీసుకున్నదీ పొగే.

పెద్ద భవనాల్లో కొన్ని గోడలను మంట రెండు గంటలపాటు దాటకుండా కడతారు. అలాంటి గోడకు ఏసీ డక్టు కోసం రంధ్రం చేశాక, ఆ రంధ్రం కూడా మంటను ఆపగలగాలి. అందుకే డక్టు లోపల, సరిగ్గా గోడ మందంలో, మూసుకునే రెక్కలున్న ఉక్కు చట్రం పెడతారు. అదే డాంపర్.

ఒక ఆస్పత్రిని ఊహించుకుందాం. వార్డుకూ పక్క విభాగానికీ మధ్య రెండు గంటల గోడ ఉంది. దాన్ని 600 మిల్లీమీటర్ల వెడల్పు, 400 ఎత్తు ఉన్న డక్టు దాటుతోంది. అన్నింటికన్నా చవకైన డాంపర్‌లో రెక్కలను ఒక చిన్న ఫ్యూజిబుల్ లింక్ పట్టుకొని ఉంటుంది. డక్టులో వేడి సుమారు 72 డిగ్రీలకు చేరితే అది కరిగి రెక్కలు పడిపోతాయి. మంటకు ఇది చాలు, పొగకు చాలదు. మంటకు దూరంగా వచ్చేసరికి పొగ చల్లబడుతుంది. 45 డిగ్రీల పొగ లింకును కరిగించకుండానే దాటిపోయి, మంచం మీద కదలలేని మనిషిని చేరుతుంది.

కాబట్టి ఇక్కడ కావలసింది ఫైర్, స్మోక్ రెండూ కలిసిన డాంపర్. డక్టులోని పొగ సెన్సర్ గానీ ఫైర్ అలారం ప్యానెల్ గానీ కరెంటు ఆపగానే, మోటారులోని స్ప్రింగ్ రెక్కలను మూసేస్తుంది. భవనంలో కరెంటే పోయినా మూసుకుంటుంది. అమెరికా పద్ధతిలో మంటకు యూఎల్ 555, పొగ లీకేజీకి యూఎల్ 555ఎస్ పరీక్షలు నెగ్గి ఉండాలి. మూడు గంటలకన్నా తక్కువ గోడకు గంటన్నర డాంపర్‌ను ఆ పద్ధతి ఒప్పుకుంటుంది. మన దగ్గర అనుమతి పత్రంలో ఏం అడిగారో విడిగా చూసుకోవాలి. అలారం మోగాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉండే చోట, గాలి వేగానికి ఎదురు నిలిచి మూసుకుంటుందని పరీక్షించిన డైనమిక్ రకమే తీసుకోవాలి.

సరైన డాంపర్ కొన్నాక కూడా ఎక్కువ తప్పులు గోడ దగ్గరే జరుగుతాయి. డాంపర్‌ను ఉక్కు స్లీవ్‌లో బిగించి గోడలో పెడతారు. స్లీవ్‌కూ గోడకూ మధ్య ఖాళీ కనిపిస్తే మేస్త్రీకి చెయ్యి ఊరుకోదు, సిమెంటు గానీ మంట ఆపే మాస్టిక్ గానీ కూరేస్తాడు. లెక్క చూడండి. ఒక డిగ్రీ వేడికి మీటరు ఉక్కు సుమారు 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 600 మిల్లీమీటర్ల స్లీవ్ 900 డిగ్రీలు వేడెక్కితే ఆరున్నర మిల్లీమీటర్లు సాగాలి. చోటు లేకపోతే చట్రం వంకరపోతుంది, రెక్కలు ఇరుక్కుంటాయి. అందుకే అమెరికా పద్ధతిలో గోడ రంధ్రాన్ని ఆ మేరకు పెద్దగా కోసి, ఖాళీని ఖాళీగానే వదులుతారు. రెండు వైపులా ఉక్కు యాంగిళ్లు ఆ సందును కప్పి, గోడ మీదికి కనీసం 25 మిల్లీమీటర్లు వస్తాయి. వాటిని స్లీవ్‌కు మాత్రమే బిగించాలి. గోడకు బిగిస్తే స్లీవ్ సాగే దారి మళ్లీ మూసుకుపోతుంది.

ఐరోపా పద్ధతిలో పరీక్షించిన డాంపర్లలో చాలావాటికి ఆ సందును మోర్టారుతో నింపాలి. ఒకదానికి తప్పైనది ఇంకొకదానికి తప్పనిసరి. ఏ గోడలో ఎలా అమర్చి పరీక్షించారో కంపెనీ ఇచ్చే అమరిక కాగితంలో ఉంటుంది. ఆ కాగితం సైటు ఇంజనీరు చేతిలో ఉండాలి. డాంపర్‌తో పాటు పెట్టెలో వచ్చి, పెట్టెతోనే చెత్తలోకి పోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

స్లీవ్‌కు డక్టును కలిపే అతుకు కూడా చూడాలి. మంటలో డక్టు వేలాడే రాడ్లు సడలి డక్టు కూలుతుంది. అప్పుడు అతుకు సులువుగా ఊడిపోవాలి, డాంపర్‌ను గోడలోంచి లాగేయకూడదు. అలా ఊడని గట్టి అతుకు వేస్తే మరింత మందమైన స్లీవ్ కావాలి.

ఇవన్నీ ఫాల్స్ సీలింగ్ వేయకముందే తేలుతాయి. డాంపర్ పక్కన డక్టుకు చిన్న తలుపు, దాని కింద సీలింగ్‌లోనూ ఒక తలుపు ఉన్నాయా? టార్చి వేస్తే రెక్కలు గోడ మందంలోనే ఉన్నాయా, బయటికి జరిగాయా? తర్వాత ప్యానెల్ నుంచి అలారం ఇప్పించి, రెక్కలు పూర్తిగా మూసుకున్నాయో లేదో ఆ తలుపులోంచి కళ్లతో చూడాలి. మోటారు కదిలిందని ప్యానెల్ మీద దీపం చెబితే సరిపోదు, మోటారు తిరిగినా ఇరుసు జారి రెక్కలు కదలకపోవచ్చు. అమెరికా ఎన్ఎఫ్‌పీఏ 80 ప్రమాణం ప్రకారం అమర్చిన ఏడాదికి ఒకసారి, ఆపైన నాలుగేళ్లకోసారి, ఆస్పత్రుల్లో ఆరేళ్లకోసారి ఈ పరీక్ష మళ్లీ చేయాలి.