వార్తల్లో పదం: సేవ్ వెర్షన్

గేమ్ అప్‌డేట్ కాగానే పాత ఆట తెరుచుకోవడం లేదని గోల మొదలైనప్పుడల్లా ఈ మాట వినిపిస్తుంది. సేవ్ ఫైల్ ఏ అమరికలో ఉందో చెప్పే అంకె ఇది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో దాని పేరు `DataVersion`, 1.20.4కి అది 3700. ఆ తర్వాతి 1.20.5లో వస్తువుల వివరాలు దాచే పద్ధతే మారిపోయింది. కొత్త గేమ్ 3700 చూడగానే, మధ్యలో వచ్చిన మార్పులన్నీ వరసగా వర్తింపజేసి, పెట్టెలో దాచిన పాత కత్తిని కొత్త పద్ధతిలోకి తెస్తుంది. వెనక్కి మార్చే ఏర్పాటు మాత్రం లేదు. ముందే బ్యాకప్ తీసుకోమని అడిగేది అందుకే.

మరి సేవ్ అవుతుండగా కరెంటు పోతే? మైన్‌క్రాఫ్ట్ సేవ్‌లోని `level.dat` మీదే నేరుగా రాస్తే సగం ఫైలే మిగలవచ్చు. అందుకని తాత్కాలిక ఫైల్‌లో పూర్తిగా రాశాక, పాతదాన్ని `level.dat_old`గా మార్చి, కొత్తదానికి అసలు పేరు పెడతారు. మనం కట్టిన ఇళ్లుండే `.mca` ఫైళ్లకు ఈ రక్షణ లేదు. మార్పులను నేరుగా ఆ ఫైళ్లలోనే రాస్తారు కాబట్టి సేవ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోవడమే దిక్కు.