పిల్లకు జ్వరం, అమ్మకు ఆఫీసు: ఇంటి నుంచి పని అడగాల్సిన ఉదయం

చిన్నపిల్లల జ్వరానికి ఒక తీరుంది. శరీర ఉష్ణోగ్రత సాయంత్రం ఎక్కువగా, తెల్లవారుజామున తక్కువగా ఉంటుంది. అందుకే రాత్రి 102 డిగ్రీలు చూపిన థర్మామీటరు ఉదయం ఆరింటికి 99 చూపవచ్చు. తగ్గిందనుకుని ఏడింటికి పారాసెటమాల్ సిరప్ ఒక మోతాదు వేసి బడికి పంపితే, ఆ మందు ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలే ఉంటుంది కాబట్టి పదకొండు తర్వాత ఒళ్లు మళ్లీ కాలుతుంది. క్లాస్ టీచర్ ఫోన్ చేసేసరికి తల్లో తండ్రో హైటెక్ సిటీలో, ఏదో ఒక మీటింగ్ మధ్యలో ఉంటారు. ఉన్నపళంగా ఇంటికి పరిగెత్తాల్సి వచ్చే రోజుల్లో చాలావాటికి మూలం ఉదయపు థర్మామీటరును నమ్మడమే. రాత్రి జ్వరం వచ్చిన పిల్లను మర్నాడు బడికి పంపకూడదు. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే పంపాలన్నది చాలా బడులు పాటించే నియమం.

కాబట్టి నిర్ణయం తీసుకోవాల్సింది ఉదయం కాదు, ముందు రోజు రాత్రి. టీమ్ లీడ్‌కు రాత్రి తొమ్మిదింటికే ‘పాపకు జ్వరంగా ఉంది, రేపు ఆఫీసుకు రాలేకపోవచ్చు, ఉదయం ఏడున్నరకు ఖాయంగా చెబుతాను’ అని ఒక్క వాక్యం పంపితే మర్నాటి పనిని సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. అనుమతి ఇచ్చేది లీడే అయినా, ఆ రోజు ఎవరి పని ఎవరికి ఇవ్వాలో చూసుకోవాల్సిందీ లీడే. స్టాండప్‌కు పది నిమిషాల ముందు తెలిసిన కబురుతో ఆ పని సరిగా జరగదు.

ఇక అడగాల్సింది ఇంటి నుంచి పనా, సెలవా? ఇక్కడే చాలామంది తమను తాము మభ్యపెట్టుకుంటారు. జ్వరంతో ఉన్న నాలుగేళ్ల పిల్లను ఒక్కరే చూసుకుంటూ ఎనిమిది గంటల పని చేయడం సాధ్యం కాదు. మందు పనిచేసి పాప నిద్రపోయిన వేళ, బామ్మో తాతయ్యో దగ్గరున్న వేళ, భర్త ఆఫీసు నుంచి తొందరగా వచ్చిన తర్వాత, ఇలా ముక్కలుగా నాలుగైదు గంటలు దొరుకుతాయి. అంతకంటే తక్కువే దొరికేలా ఉంటే పూట సెలవు పెట్టి, మిగిలిన పూట ఇంటి నుంచి చేస్తామనడం నిజాయితీ. వాంతులు ఆగకపోయినా, పిల్ల మగతగా పడి ఉన్నా, ఊపిరి తీసుకోవడం కష్టమవుతున్నా లాప్‌టాప్ తెరిచే ప్రశ్నే లేదు. మూడు నెలలలోపు పసికందుకు 100.4 డిగ్రీలు దాటినా అంతే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ రోజు పూర్తి సెలవే.

ఇంటి నుంచి పని అందరికీ వీలయ్యేదీ కాదు. బ్యాంకులు, బీమా సంస్థల పని చేసే కొన్ని టీములకు క్లయింటు పెట్టిన షరతు ఉంటుంది. ప్రత్యేకంగా కేటాయించిన ఓడీసీ గది దాటి ఆ డేటా తెరవకూడదు. అలాంటిచోట లీడ్ ఎంత మంచివారైనా ఇవ్వగలిగింది సెలవు మాత్రమే. షరతు లేనివారికి కూడా లాప్‌టాప్ ఆఫీసు లాకర్‌లో ఉండిపోతే, వీపీఎన్ పాస్‌వర్డ్ గడువు తీరిపోతే ఆ ఉదయమంతా వృథా అవుతుంది. పిల్లకు నలతగా ఉందని తోచిన సాయంత్రమే లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకుని, ఒకసారి లాగిన్ అయి చూసుకుంటే ఈ చిక్కు తప్పుతుంది.

లీడ్‌కు పంపే సందేశంలో ఏముండాలో ఒక ఉదాహరణతో చూడవచ్చు. గచ్చిబౌలిలో పనిచేసే ఒక టెస్టర్. అయిదేళ్ల కూతురికి రాత్రి జ్వరం. పదింటికి స్టాండప్, పదకొండున్నరకు క్లయింటుకు డెమో, సాయంత్రానికి ముగించాల్సిన టెస్టింగ్ ఉన్నాయి. డాక్టర్ అపాయింట్‌మెంట్ పదకొండింటికి దొరికింది. ఆమె మొదట డెమో చూపగల సహోద్యోగికి ఫోన్ చేసి అడుగుతుంది. ఆ తర్వాతే ఏడున్నరకు లీడ్‌కు ఇలా రాస్తుంది:

‘మేడమ్, పాపకు రాత్రి 102 జ్వరం. ఈరోజు ఇంటి నుంచి చేస్తానండీ, అనుమతి కావాలి. పదింటి స్టాండప్‌కు ఉంటాను. 10.30 నుంచి 1.30 వరకు డాక్టర్ దగ్గర ఉంటాను, ఆ సమయంలో అందుబాటులో ఉండను. 11.30 డెమో మన టీమ్‌లోని సీనియర్ టెస్టర్ చూపిస్తానన్నారు, నోట్స్ పంపాను. పేమెంట్ పేజీ టెస్టింగ్ రాత్రి 8 కల్లా ముగిస్తాను. ఆలస్యమయ్యేలా ఉంటే 4 గంటలకే చెబుతాను. రేపు కూడా ఇలాగే అవసరం కావచ్చు.’

ఈ సందేశానికి ‘సరే, పాపను చూసుకోండి’ అని తప్ప మరో ప్రశ్న వేయాల్సిన అవసరం లీడ్‌కు ఉండదు. అదే ‘మేడమ్, పాపకు బాగోలేదు, డబ్ల్యూఎఫ్‌హెచ్ తీసుకోవచ్చా?’ అని మాత్రమే రాస్తే డెమో ఎవరు చూపిస్తారు, మీరు ఎప్పుడు ఉంటారు, ఈరోజు పని అవుతుందా అని మూడుసార్లు అడగాలి. క్లినిక్‌లో పిల్లను ఒళ్లో పెట్టుకుని వాటికి జవాబులు టైప్ చేయాలి. అన్నిటికన్నా విలువైన వాక్యం ‘అందుబాటులో ఉండను’ అన్నది. మొహమాటంకొద్దీ దాన్ని వదిలేసి, పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుండగా మూడు గంటలు జవాబివ్వకపోతే అవతలివారికి అనుమానం మొదలవుతుంది. ఆ గంటలు ముందే చెప్పినవారి మౌనాన్ని ఎవరూ తప్పుపట్టరు.

జబ్బు వివరాలు లీడ్‌కు ఇంతకన్నా అక్కర్లేదు. టీమ్ గ్రూపులోనైతే ‘ఈరోజు ఇంటి నుంచి, 10.30–1.30 ఉండను’ అంటే చాలు. పని మొదలయ్యే వేళ దగ్గరపడినా, ఆ రోజు రిలీజ్ ఉన్నా సందేశం పెట్టి ఊరుకోకుండా లీడ్‌కు ఫోన్ చేయాలి. చూడని సందేశం చెప్పనట్టే లెక్క.

మధ్యాహ్నానికి పరిస్థితి మారవచ్చు. వానాకాలంలో పిల్లకు జ్వరం తగ్గకపోతే డాక్టర్ డెంగీ కోసం రక్తపరీక్ష రాయడం హైదరాబాద్‌లో మామూలే. ల్యాబ్, మళ్లీ క్లినిక్ తిరగడంలో సాయంత్రమవుతుంది. అప్పుడు ఉదయం ఇచ్చిన మాట పట్టుకుని వేలాడకుండా, ‘మధ్యాహ్నం నుంచి సెలవుగా మార్చండి, టెస్టింగ్ సగం అయింది, మిగిలింది ఫలానా చోట రాసి ఉంచాను’ అని చెప్పాలి. వైరల్ జ్వరాలు తరచూ మూడు నాలుగు రోజులుంటాయి. అందుకే రెండో రోజు సంగతి మొదటి సందేశంలోనే ప్రస్తావించాలి. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగులైతే ఈ రోజులను పంచుకోవాలి. అమ్మ లీడ్‌కే ప్రతిసారీ ఈ కబురు వెళుతుంటే దాని భారం ఆమె ఉద్యోగం మీదే పడుతుంది, ఇది అన్యాయం.

చట్టం నుంచి ఈ విషయంలో ఆసరా తక్కువ. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ ఇంటి నుంచి పనిని పేర్కొంది. కానీ అది ప్రసూతి సెలవు ముగిసిన తర్వాతి కాలానికి, పని స్వభావం అనుమతిస్తే, సంస్థ, ఉద్యోగిని పరస్పరం ఒప్పుకున్న షరతుల మీద వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ కోసం మొత్తం సర్వీసులో 730 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగికి పిల్లల జబ్బు పేరుతో చట్టం ఇచ్చే ప్రత్యేక సెలవంటూ లేదు. సంస్థ నియమావళి, మామూలు సెలవులు, లీడ్ విచక్షణ, ఇవే ఆధారం.

అనుమతి నోటిమాటగా వచ్చినా పోర్టల్‌లో అభ్యర్థన పెట్టాలి. గేటు దగ్గర కార్డు స్వైప్ కాని రోజును హాజరు వ్యవస్థ గైర్హాజరుగా చూపవచ్చు. నెలాఖరున జీతాల లెక్క కట్టేలోపు దాన్ని సరిచేయించుకోకపోతే ఒక రోజు జీతం కోత పడవచ్చు. వారానికి ఇన్ని రోజులు ఆఫీసుకు రావాలన్న నియమం ఉన్నచోట, ఈ రోజును ఆ లెక్క నుంచి మినహాయిస్తారా, మరో రోజు వచ్చి పూడ్చాలా అన్నది కూడా లీడ్‌నే అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.