కుడి చివరతోనే ఎందుకు పోల్చాలి?

ఎప్పుడేం జరిగిందో రాసిపెట్టుకునే చిన్న పరికరాల్లో మెమరీ కొంచెమే ఉంటుంది. గడులన్నీ నిండిపోతే పరికరం మళ్లీ మొదటి గడికి వచ్చి, అన్నిటికన్నా పాత నమోదు మీదే కొత్తది రాస్తుంది. మధ్యలో కరెంటు పోయి వచ్చిందనుకోండి. ఎక్కడిదాకా రాసిందో దానికి గుర్తుండదు. అందులో మిగిలిన పాత నమోదు ఏ గడిలో ఉందో కనుక్కుంటేనే, తరువాతిది ఎక్కడ రాయాలో తెలుస్తుంది.

తొమ్మిది గడులున్న పరికరాన్ని తీసుకుందాం. కంప్యూటర్ల పద్ధతిలో గడుల లెక్క 0 నుంచి 8 దాకా. ఒక్కో గడిలో ఆ నమోదు జరిగిన సమయం, సెకన్లలో, ఇలా ఉంది:

```
890  940  957  981  1012  610  655  702  788
```

పెరుగుతూ పోయే వరుసే ఇది, కాకపోతే ఒకచోట తెగి, వెనక ముక్క ముందుకొచ్చింది. 1012 పక్కన 610 ఉన్న చోటే ఆ తెగు. దాని కుడివైపున్న 610 అన్నిటికన్నా చిన్నది, అంటే పాతది. ఒక్కో గడీ చూసుకుంటూ పోయినా దొరుకుతుంది గానీ, గడులు పది లక్షలైతే పది లక్షలూ చదవాల్సి రావచ్చు. నడిమి గడిని కుడి చివరి గడితో పోల్చి, ప్రతిసారీ సగం వరుసను వదిలేసుకుంటూ పోతే 20 పోలికలు చాలు.

నడిమి గడి 4, అందులో 1012. కుడి చివర 788. తెగు లేని వరుసలో ఎడమది కుడిదాని కన్నా పెద్దది కాలేదు. కాబట్టి ఈ రెంటి మధ్యే ఎక్కడో తెగు ఉంది, చిన్నది 4కు కుడివైపే ఉంది. ఇక 5 నుంచి 8 దాకా చూస్తే చాలు. ఇప్పుడు నడుమ 6వ గడి, 655. అది 788 కన్నా చిన్నది. అంటే 6 నుంచి 8 దాకా వరుస తెగలేదు, ఆ ముక్కలో చిన్నది 655. కాబట్టి అసలు జవాబు 655 అన్నా కావాలి, దానికి ఎడమనున్నదన్నా కావాలి. మిగిలినవి 5, 6 గడులు. నడుమ 5 వస్తుంది; 610, 655 కన్నా చిన్నది కనుక కుడి హద్దు 5కే జరుగుతుంది. రెండు హద్దులూ కలిశాయి, జవాబు 5వ గడి.

```python
def find_min(a):
    lo, hi = 0, len(a) - 1
    while lo < hi:
        mid = (lo + hi) // 2
        if a[mid] > a[hi]:
            lo = mid + 1
        else:
            hi = mid
    return lo
```

హద్దులు జరిపే తీరు రెండువైపులా ఒకేలా లేదని గమనించారా? అందంగా ఉంటుందని `hi = mid - 1` అని రాస్తే, జవాబు నడిమి గడిలోనే ఉన్నప్పుడు దాన్నే బయటికి తోసేస్తాం. నడిమిది చిన్నదైనప్పుడు అదే జవాబు కావచ్చు, దాన్ని వదలకూడదు. నడిమిది పెద్దదైనప్పుడు మాత్రం, దానికన్నా చిన్నది ఒకటి కళ్లెదుటే ఉంది కనుక, నిశ్చింతగా వదిలేయవచ్చు. అక్కడ `lo = mid` అని రాస్తే ఇంకో ప్రమాదం. రెండే గడులు మిగిలినప్పుడు నడిమిది ఎప్పుడూ ఎడమదే అవుతుంది. హద్దు ఉన్నచోటే ఉండిపోయి ప్రోగ్రాం ఎప్పటికీ ఆగదు.

చాలామంది తడబడేది మాత్రం ఎడమ చివరతో పోల్చబోయినప్పుడు. పై వరుసలో నడిమి 1012, ఎడమ చివరి 890 కన్నా పెద్దది. జవాబు కుడివైపు ఉంది. సరిగ్గా చివరి గడి నిండిన క్షణంలో కరెంటు పోయిందనుకోండి. అప్పుడు వరుసలో తెగే ఉండదు:

```
610  655  702  788  890  940  957  981  1012
```

ఇక్కడా నడిమి 890, ఎడమ చివరి 610 కన్నా పెద్దదే. కానీ జవాబు ఎడమ కొసన ఉంది. ఒకే పోలిక, రెండు వేర్వేరు దిక్కులు! ఎడమతో పోల్చాలంటే తెగు ఉందో లేదో ముందుగా వేరే పరీక్ష పెట్టాలి. కుడితో పోలిస్తే 890, 1012 కన్నా చిన్నది, కాబట్టి ఎడమకు పోతాం. ప్రత్యేక పరీక్ష అక్కర్లేదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే.

ఇదంతా ఏ రెండు సమయాలూ ఒకటి కానప్పుడే. ఒకే సెకనులో పలు నమోదులు పడితే `1 1 1 0 1` లాంటి వరుస రావచ్చు, `1 0 1 1 1` లాంటిదీ రావచ్చు. రెంటిలోనూ నడుమ 1, కుడి చివర 1. సున్నా ఎటుందో ఆ పోలిక చెప్పలేదు. సమానమైనప్పుడు కుడి హద్దును ఒక్క గడి మాత్రమే వెనక్కి జరిపితే చిన్న విలువ చేజారదు. అయితే అన్నీ ఒకటే అయినచోట మళ్లీ గడిగడీ చూడటమే అవుతుంది. పైగా ఆ విలువ ఒకటికి మించిన గడుల్లో ఉంటే, వాటిలో నిజంగా పాతది ఏదో విలువను బట్టి తేలదు. అందుకే పరికరంలో సమయంతో పాటు, ప్రతి నమోదుకూ ఒకటొకటిగా పెరిగే క్రమసంఖ్యను కూడా రాయించి, పోలికకు ఆ సంఖ్యనే వాడటం మేలు.