ముందు ఫీజు, తర్వాతే సమోసా

గుంటూరులో బీటెక్ చదివే ఓ కుర్రాడి ఫోన్ రోజూ ఉదయం 8 గంటలకు ‘పరీక్ష ఫీజు’ అని మోగేది. ఆ వేళకి అతను కిక్కిరిసిన బస్సులో ఉంటాడు. వేలితో పక్కకి తోసేసేవాడు. ఏ పనీ జరగకుండా ఒకే సంకేతం పదేపదే వస్తే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మనస్తత్వ శాస్త్రంలో దీని పేరు హాబిట్యుయేషన్.

స్నేహితుడు టెలిగ్రామ్‌లో గొంతు రికార్డు చేసి, పంపే బటన్‌ను నొక్కిపట్టి, మర్నాడు 11:10కి షెడ్యూల్ చేశాడు. సరిగ్గా ఇంటర్వెల్ వేళ.

“ఒరేయ్, క్యాంటీన్‌కేగా? పక్కనే ఫీజు కౌంటర్. ముందు కట్టు, తర్వాతే సమోసా. రసీదు ఫొటో పెట్టు.”

పావుగంటలో ఫొటో వచ్చింది. నన్నడిగితే, స్నేహితుడి గొంతు సగమే పనిచేసింది; మిగతా సగం ఆ వేళ, ఆ చోటు. అదే నోట్ రోజూ వచ్చుంటే దాన్నీ వినకుండా వదిలేసేవాడు.